పీఎఫ్ వడ్డీ తక్కువ పడిందా? పాస్‌బుక్ లెక్క ఇలా చూడండి

ప్రశ్న: సార్, నాకు 31 ఏళ్లు. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో 2019 ఏప్రిల్ నుంచి పనిచేస్తున్నాను. చేరినప్పుడు బేసిక్ 12,000. ఇప్పుడు బేసిక్, డీఏ కలిపి 18,000. నెలకు 2,160 పీఎఫ్ కట్ అవుతోంది. కంపెనీ కూడా అంతే వేయాలి కదా, పాస్‌బుక్‌లో 910 మాత్రమే చూపిస్తోంది. 2024-25 మొదట్లో నా బ్యాలెన్స్ 1,60,000. 8.25 శాతం లెక్కన వడ్డీ 16 వేలు దాటాలి, కానీ 14,593 పడింది. ఎక్కడో మోసం జరుగుతోందని టెన్షన్‌గా ఉంది. త్వరలో వేరే కంపెనీకి మారుతున్నాను, అక్కడ బేసిక్ 26,000. పాత పీఎఫ్ తీసేసి సదాశివపేట వైపు ప్లాటుకు అడ్వాన్స్ కట్టమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, పటాన్‌చెరు

జవాబు: ముందు మోసం సంగతి తేల్చేద్దాం. మీరు రాసిన అంకెల్లో తప్పేమీ లేదు. కంపెనీ సరిగానే కడుతోంది, వడ్డీ కూడా రూపాయి తేడా లేకుండా పడింది.

పాస్‌బుక్‌లో మీ వాటా, యజమాని వాటా, పెన్షన్ అని మూడు గళ్లు ఉంటాయి. మీరు రెండో గడి దగ్గరే ఆగిపోయినట్టున్నారు. మూడో గడిలో నెలనెలా 1,250 కనిపిస్తుంది, చూడండి. కంపెనీ మీ పేరున వేసేది 910, 1,250 కలిపి సరిగ్గా 2,160. అంటే 18,000లో 12 శాతం. మీ 12 శాతం మొత్తం పీఎఫ్‌కే పోతుంది. కంపెనీ 12 శాతంలోంచి 8.33 శాతాన్ని ముందుగా పెన్షన్ పథకానికి మళ్లిస్తారు, మిగిలిందే పీఎఫ్‌లో పడుతుంది. పెన్షన్‌కు మళ్లించే ఆ లెక్కకు జీతం ఎంత ఉన్నా 15,000 దగ్గర ఆపేస్తారు. ఈ పరిమితి 2014 సెప్టెంబరు నుంచి ఉంది, అంతకుముందు 6,500 ఉండేది. 15,000లో 8.33 శాతం అంటే 1,250. మీ బేసిక్ రేపు 40,000 అయినా, ఈ పరిమితి మారనంత వరకు ఆ గడిలో 1,250 కంటే ఎక్కువ పడదు.

ఇవి కాక కంపెనీ బీమా పథకానికి మీ పేరున నెలకు 75 రూపాయలు కడుతుంది. పీఎఫ్ ఆఫీసు నిర్వహణ ఖర్చులకు మరో అర శాతం ఇస్తుంది. ఇవి పాస్‌బుక్‌లో కనిపించవు. ఆ బీమా వల్ల, ఉద్యోగంలో ఉండగా మనిషికి ఏమైనా అయితే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది. చాలామందికి ఇలాంటిది ఒకటుందనే తెలియదు, నామినీ పేరు కూడా ఎక్కించరు. మీరు ఎక్కించారో లేదో ఓసారి చూసుకోండి.

ఇక వడ్డీ. మీరు ఏడాది మొదట్లో ఉన్న 1,60,000కు ఏడాదంతా పడిన 36,840 కలిపి, మొత్తం 1,96,840 మీద 8.25 శాతం వేసి ఉంటారు. అలా వేస్తే 16,239 వస్తుంది. కానీ ఆ 36,840 ఏప్రిల్ ఒకటిన ఒక్కసారిగా పడిన డబ్బు కాదు కదా. ఏ నెల డబ్బు ఆ నెలే వచ్చింది. పీఎఫ్‌లో వడ్డీని నెలవారీ బ్యాలెన్స్ మీద కడతారు. ఈ నెల పడిన డబ్బుకు వచ్చే నెల నుంచి వడ్డీ మొదలవుతుంది.

మార్చి జీతంలో మీకు కోసినదీ కంపెనీ వేసేదీ కలిపి ఏప్రిల్ 15లోగా జమ కావాలి. పీఎఫ్ ఏడాదికి అదే మొదటి జమ. దానికి మే నుంచి మార్చి దాకా 11 నెలల వడ్డీ వస్తుంది. మేలో పడినదానికి 10 నెలలు, జూన్‌లో పడినదానికి 9 నెలలు. అలా తగ్గుతూ వచ్చి, మార్చిలో పడినదానికి ఆ ఏడాది వడ్డీ ఏమీ రాదు. 11 నుంచి సున్నా దాకా కూడితే 66 నెలలు. పీఎఫ్‌లో మీకు నెలకు పడేది 2,160, 910 కలిపి 3,070. పెన్షన్ గడిలోని 1,250 ఈ లెక్కలోకి రాదు. కాబట్టి కొత్తగా పడిన డబ్బు మీద వడ్డీ ఇంత:

3,070 × 66 × 8.25 ÷ 1200 = 1,393

పాత 1,60,000కు ఏడాది పూర్తి వడ్డీ 13,200. రెండూ కలిపితే 14,593. మీ పాస్‌బుక్‌లో ఉన్నది ఇదే అంకె. మధ్యలో ఇంక్రిమెంటు వచ్చిన ఏడాదైతే నెల జమ మారుతుంది కాబట్టి 66తో ఒకేసారి గుణించడం కుదరదు. అప్పుడు ఏ నెలకు ఆ నెల వేసుకోవాలి.

ఈ వడ్డీని నెలనెలా లెక్క కట్టినా, ఖాతాలో కలిపేది ఏడాదికి ఒక్కసారే, మార్చి 31 తేదీ మీద. ఒక్కోసారి ఆ ఎంట్రీ పాస్‌బుక్‌లో కనిపించడానికి నెలలు పడుతుంది. కేంద్ర ప్రభుత్వం ఆ ఏడాది రేటును ఆమోదించాక గానీ వేయరు మరి. ఆలస్యంగా కనిపించినా తేదీ మార్చి 31దే ఉంటుంది కాబట్టి తర్వాతి ఏడాది వడ్డీ దాని మీద కూడా వస్తుంది, మీకు నష్టం లేదు. నష్టం ఎప్పుడంటే, కంపెనీ మీ జీతంలో కోసి అక్కడ కట్టనప్పుడు. అది వడ్డీ అంకె చూస్తే తెలియదు, నెల జమలు చూస్తేనే తెలుస్తుంది. పే స్లిప్పులో కటింగ్ ఉండి, పాస్‌బుక్‌లో వరుసగా రెండు మూడు నెలలు ఎంట్రీలు లేకపోతే అప్పుడు అనుమానించండి. ముందు హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి. కదలిక లేకపోతే ఈపీఎఫ్‌వో ఫిర్యాదుల పోర్టల్ epfigms.gov.in ఉంది. పే స్లిప్పులు దాచుకున్నవాళ్ల ఫిర్యాదుకే బలం ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం, ప్లాటు. మీ ఫ్రెండ్స్ ఒక సంగతి చెప్పినట్టు లేదు. పీఎఫ్ ఉన్న ఒక కంపెనీ నుంచి పీఎఫ్ ఉన్న ఇంకో కంపెనీకి నేరుగా మారేవాళ్లకు ఖాతా మొత్తం ఖాళీ చేసుకునే అర్హత లేదు. ఆ వీలు ఉద్యోగం లేకుండా ఉన్నవాళ్లకు. మీరు చేయాల్సింది ట్రాన్స్‌ఫర్. కొత్త కంపెనీలో చేరిన సంగతి బయటపడనివ్వకుండా క్లెయిమ్ పెట్టేవాళ్లు ఉన్నారు, నేనైతే ఆ దారి చెప్పను. ఇంటికో స్థలానికో నిజంగా అవసరం పడితే, ఉద్యోగంలో ఉంటూనే కొంత అడ్వాన్సుగా తీసుకునే వెసులుబాటు పీఎఫ్‌లోనే ఉంది. దాన్ని తిరిగి కట్టక్కర్లేదు. కానీ తీసిన ప్రతి రూపాయికీ వడ్డీ అక్కడితో ఆగిపోతుంది. ఎంత ఆగిపోతుందో మీ అంకెలతోనే చూద్దాం.

2025 మార్చి ఆఖరుకు మీ ఖాతాలో 1,60,000, దానికి 36,840 జమ, 14,593 వడ్డీ కలిపి 2,11,433 ఉన్నాయి. మీకు 58 నిండడానికి 27 ఏళ్లు. జీతం అసలు పెరగలేదని, నెలకు అదే 3,070 పడుతుందని, వడ్డీ కూడా 8.25 దగ్గరే ఉంటుందని అనుకుందాం. జీతం పెరగకపోవడం జరగదు, వడ్డీ అలాగే ఉండడమూ జరగదు, కానీ లెక్క అర్థం కావడానికి ఇది చాలు.

మొదటి ఏడాది మీ జమలు 36,840, వచ్చే వడ్డీ 18,836. అంటే వడ్డీ జమలో సగమే. రెండో ఏడాది వడ్డీ 23,429, మూడో ఏడాది 28,402, నాలుగో ఏడాది 33,784. ఐదో ఏడాది 39,611, అంటే ఆ ఏడాది మీరూ కంపెనీ కలిసి వేసినదానికంటే వడ్డీయే ఎక్కువ. అక్కడి నుంచి దారి మారిపోతుంది. మీ 58వ ఏట, ఆఖరి ఏడాదిలో జమ అదే 36,840 అయితే వడ్డీ ఒక్కటే 4 లక్షలు. మొత్తం మీద చేతికొచ్చేది సుమారు 52 లక్షల 75 వేలు. ఇందులో ఈ 27 ఏళ్లలో పడిన జమలు పది లక్షల లోపే. ఇప్పుడున్న 2 లక్షల 11 వేలు తీసేస్తే, దాదాపు 40 లక్షలు వడ్డీ.

ఇప్పుడు ఆ 2,11,433 ప్లాటుకు పోయిందనుకోండి. 58 ఏళ్లకు వచ్చే మొత్తం సుమారు 34 లక్షల 77 వేలకు పడిపోతుంది. తేడా 18 లక్షలు. ఈ రోజు తీసే రెండు లక్షలకు అప్పటి ఖరీదు అది. మీ సర్వీసు ఐదేళ్లు దాటింది కాబట్టి తీస్తే పన్ను పడదన్నది నిజమే, అందుకే అందరికీ ఇది తేలిగ్గా కనిపిస్తుంది.

అయితే 52 లక్షలు అనగానే పొంగిపోకండి. ధరలు ఏడాదికి 6 శాతం పెరుగుతాయనుకుంటే 27 ఏళ్ల తర్వాతి 52 లక్షల 75 వేలు ఈ రోజు 11 లక్షలతో సమానం. వడ్డీ రేటుకూ గ్యారంటీ లేదు. ఏ ఏడాదికి ఆ ఏడాది ప్రకటిస్తారు. 1990లలో 12 శాతం ఇచ్చారు, 2021-22లో 8.1కి దించారు, తర్వాత 8.15, ఆ తర్వాత 8.25. ప్లాటు ఇంతకంటే ఎక్కువ పెరగొచ్చు కూడా, దాన్ని నేను కాదనను. కానీ అడ్వాన్స్ ఒక్కటి కట్టి మిగతాదానికి అప్పు చేయబోతున్నారంటే, 8.25 వచ్చేదాన్ని తీసి, అంతకంటే ఎక్కువ వడ్డీకి తెచ్చిన డబ్బు పక్కన పెడుతున్నట్టు లెక్క. ఆ లెక్క మీ ఫ్రెండ్స్‌ని వేయమనండి.

పెన్షన్ గడి గురించి మీరు అడగలేదు, కానీ మారేటప్పుడు దెబ్బ తినేది అక్కడే కాబట్టి చెప్పాలి. అందులో పడే 1,250కి వడ్డీ ఉండదు. కేంద్ర ప్రభుత్వం కూడా తన వంతుగా 1.16 శాతం, అంటే మీ విషయంలో నెలకు 174 రూపాయలు ఆ పథకంలో వేస్తుంది. అది డబ్బుగా మీ పేరున పెరగదు, సర్వీసుగా పెరుగుతుంది. 58 ఏళ్లకు పెన్షన్ లెక్కేమిటంటే, పెన్షన్‌కు లెక్కలోకి వచ్చే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. మీరు 25వ ఏట చేరారు కాబట్టి 58 దాకా మధ్యలో తెగకుండా చేస్తే 33 ఏళ్లు. 20 ఏళ్లు దాటిన సర్వీసుకు మరో రెండేళ్లు కలుపుతారు, అంటే 35. జీతం పరిమితి 15,000 దగ్గరే ఉంటే 15,000ను 35తో గుణించి 70తో భాగించగా నెలకు 7,500. మీ తర్వాత భార్యకు అందులో సగం.

నిజం చెప్పాలంటే ఇది గొప్ప పెన్షన్ కాదు. ఇప్పటి నుంచి వచ్చే 27 ఏళ్లూ నెలకు ఆ 1,250నే పీఎఫ్‌లో వేసి ఉంటే 14 లక్షలు దాటేది, దాని వడ్డీయే నెలకు 9,700 పైన వచ్చేది, అసలు అలాగే ఉండేది. కానీ ఆ ఎంపిక మన చేతిలో లేదు. పైగా సభ్యుడికి మధ్యలో ఏమైనా అయితే భార్యాపిల్లలకు పెన్షన్ అప్పటి నుంచే వస్తుంది, పీఎఫ్ బ్యాలెన్స్ ఆ పని చేయలేదు. ఉన్నదాన్ని తెగ్గొట్టుకోకుండా చూసుకోవడమే మనం చేయగలిగింది. పదేళ్ల సర్వీసు నిండకపోతే పెన్షన్ రాదు. మీకు ఇప్పటికి ఆరేళ్లయింది. ఇక్కడ డబ్బుగా తీసుకుంటే ఆ ఆరేళ్లు పోయి మళ్లీ సున్నా నుంచి మొదలు.

కొత్త కంపెనీలో చేరిన రోజు ఫారం 11 అనే డిక్లరేషన్ ఇస్తారు. అందులో ఇంతకుముందు పెన్షన్ పథకంలో సభ్యులా అని ఒక ప్రశ్న ఉంటుంది. అక్కడ అవును అని పెట్టి, మీ పాత యూఏఎన్ నంబరే రాయండి. ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, 2014 సెప్టెంబరు తర్వాత 15,000 కంటే ఎక్కువ జీతంతో మొదటిసారి చేరినవాళ్లకు పెన్షన్ పథకం లేదు, వాళ్లకు కంపెనీ 12 శాతం మొత్తం పీఎఫ్‌లోకే పోతుంది. మీ కొత్త బేసిక్ 26,000 చూసి హెచ్‌ఆర్‌లో కుర్రాళ్లు మిమ్మల్ని కూడా ఆ లెక్కలో వేసేస్తారు. మీరు 12,000 జీతంతో చేరి అప్పుడే సభ్యులయ్యారు కాబట్టి మీకు అది వర్తించదు. మొదటి జమ పడగానే పాస్‌బుక్ తీసి పెన్షన్ గడిలో 1,250 ఉందో లేదో చూడండి. సున్నా ఉంటే ఆ నెలే అడగండి. మూడు నాలుగేళ్ల తర్వాత సరిచేయించుకోవాలంటే కంపెనీ, పీఎఫ్ ఆఫీసు మధ్య తిరగడంతోనే సరిపోతుంది.

యూఏఎన్ ఒకటే అయినా కొత్త కంపెనీలో కొత్త మెంబర్ ఐడీ వస్తుంది. పాత బ్యాలెన్స్ పాత ఐడీలోనే ఉంటుంది, వడ్డీ ఆగదు, కానీ ట్రాన్స్‌ఫర్ చేసి ఒకచోటికి తెచ్చుకోవడం మంచిది. దానికి పాత కంపెనీ మీ ఉద్యోగం వదిలిన తేదీ నమోదు చేసి ఉండాలి. చాలా ట్రాన్స్‌ఫర్లు ఆగేది ఈ ఒక్క గడి ఖాళీగా ఉండడం వల్లే. కంపెనీ వేయకపోతే, ఆఖరి జమ పడిన రెండు నెలల తర్వాత ఈపీఎఫ్‌వో మెంబర్ పోర్టల్‌లో Manage కింద Mark Exit లో ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. తేదీ తప్పు పడితే మళ్లీ మార్చడం కష్టం, రిలీవింగ్ లెటర్ పక్కన పెట్టుకుని వేయండి. ట్రాన్స్‌ఫర్ అయ్యాక కొత్త పాస్‌బుక్‌లో మీ వాటా, కంపెనీ వాటా వచ్చి, పెన్షన్ గడిలో మాత్రం సున్నా కనబడుతుంది. కంగారు పడొద్దు. పెన్షన్‌లో డబ్బు బదిలీ కాదు, సర్వీసు బదిలీ అవుతుంది. పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ తెరిస్తే పాత కంపెనీ తేదీలు కనిపిస్తాయి.

ఇంకొకటి, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందే అడగాల్సింది. కొత్త కంపెనీ పీఎఫ్‌ను మొత్తం బేసిక్ మీద కడుతుందా, 15,000 మీదే కడుతుందా? 26,000 మీద అయితే మీది 3,120, కంపెనీది 3,120. అందులో 1,250 పెన్షన్‌కు పోగా 1,870 పీఎఫ్‌కు. అంటే పీఎఫ్‌లో నెలకు 4,990 పడుతుంది. 15,000 మీదే అయితే మీది 1,800, కంపెనీది 1,800లో 1,250 పోగా 550. మొత్తం 2,350, అంటే ఇప్పుడు పడుతున్న 3,070 కంటే కూడా తక్కువ. జీతం పెరిగి పీఎఫ్ తగ్గడం ఇలాగే జరుగుతుంది. ఇది చట్టవిరుద్ధం కాదు. సీటీసీలో కంపెనీ వాటా కూడా కలిపే చూపిస్తారు కాబట్టి, ఇక్కడ తగ్గించినది వేరే అలవెన్సుగా ఇస్తున్నారేమో ఆఫర్‌లో లైను లైను చూడండి. ఇవ్వకుండా మిగుల్చుకుంటున్నారంటే బేరం ఆడాల్సింది ఇప్పుడే, చేరాక ఎవరూ వినరు.

15,000 దగ్గరే ఆపుతామంటే, మీ వైపు నుంచి వీపీఎఫ్ పేరుతో అదనంగా వేసుకోవచ్చు. నెలకు మరో 1,320 వేయమని రాసిస్తే మీ వాటా అదే 3,120 అవుతుంది, వడ్డీ రేటు అదే. కంపెనీ మాత్రం దానికి జత కలపదు. మీ సొంత వాటా ఏడాదికి రెండున్నర లక్షలు దాటితే, పైన వేసినదాని వడ్డీకి పన్ను ఉంది, మీరు ఆ దరిదాపుల్లో లేరు. కొన్ని కంపెనీలు వీపీఎఫ్ దరఖాస్తును ఏప్రిల్‌లోనే తీసుకుంటాయి కాబట్టి చేరిన వారంలోనే పేరోల్ వాళ్లను కలిసి ఎప్పుడు ఇవ్వాలో కనుక్కోండి.